కాయల గది, ఆకుల గది

ఆ ఆఫీసులో మొక్కని మొక్కగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. కాయల గదిలో కాయలే చూస్తారు, ఆకుల గదిలో ఆకులే చూస్తారు. మధ్యలో ఒక ప్లైవుడ్ తడిక. ఆ తడికకి అటు నుంచి ఇటు మాట రాకూడదు, ఇటు నుంచి అటు దగ్గు కూడా పోకూడదు. ఇది పెద్దసారు నిబంధన. కాయ చూసినవాడు ఆకు చూస్తే కాయ మీద నిలబడడనీ, ఆకు చూసినవాళ్లు కాయ చూస్తే ఆకుని గాలికొదిలేస్తారనీ ఆయన నమ్మకం. నమ్మకం ఉన్న మనిషికి ప్లైవుడ్ దొరికితే ఇంకేం కావాలి!

కాయల గదిలో కూర్చునేది కాయలాయన. ఆకుల గదిలో కూర్చునేది ఆకులావిడ. వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలు. పొద్దున్నే ఒకే బండి మీద వస్తారు, గేటు దగ్గర దిగగానే పరాయివాళ్లయిపోతారు. సాయంత్రం మళ్లీ గేటు దాటాకే కాపురం మొదలు. ఇంటి దగ్గర కూడా ఆఫీసు ఫోటోల గురించి మాట్లాడుకోబోమని ఇద్దరిచేతా పెద్దసారు సంతకం పెట్టించుకున్నాడు. ఆ సంతకాన్ని పెళ్లి కంటే గట్టిగా నిలబెట్టుకుంటున్నారు ఇద్దరూ.

పనేమిటంటే, విత్తనం కోసం పండించే మళ్లని తనిఖీ చెయ్యడం. ఇన్‌స్పెక్టరు పొలాల వెంట తిరిగి ఫోన్లో ఫోటోలు తీసి పంపిస్తాడు. కంప్యూటరు ఆ ఫోటోని కత్తిరించి కాయల ముక్కని ఇటు, ఆకుల ముక్కని అటు వేస్తుంది. మడి ఎవరిదో, రైతు ఏ పంట వేశానన్నాడో ఎవరికీ కనబడదు. ముందు నాలుగు మీటలు ఉంటాయి. కంది, పెసర, మినుము, అలసంద. చూసినదేదో నొక్కాలి. రెండు గదులదీ, రైతు చెప్పినదీ ఒకటే అయితే మడి పాసు. తేడా వచ్చిందా, అది కల్తీ మడి. ఆ విత్తనం ఎవరూ దాచుకోకుండా, ఎవరికీ ఇవ్వకుండా ట్రాక్టరు పెట్టి దున్నేస్తారు.

కాయలాయన తన పనిలో గట్టివాడే, అనుమానం లేదు. కంది కాయ బల్లపరుపుగా ఉంటుంది, గింజకీ గింజకీ మధ్య ఏటవాలుగా గాడి పడుతుంది, కొసన చిన్న ముక్కు. దాన్ని నిద్రలో కూడా పోల్చుకుంటాడు. పెసర కాయ సన్నగా గుండ్రంగా పొడుగ్గా ఉంటుంది, మొక్క పైన వేళ్లు చాపినట్టు గుత్తిగా విచ్చుకుని కిందికి వాలుతుంది, దాని నూగు పొట్టిగా ఉంటుంది. మినుము కాయ పొట్టిది, బొద్దుది, ఒళ్లంతా దట్టంగా నూగు, ఆకుల మధ్య నిక్కి నిలబడుతుంది. అలసంద కాయ నున్నగా ఉంటుంది, వెతికినా నూగు దొరకదు, పొడుగాటి కాడ చివర జంటగా కాస్తుంది.

చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ కత్తిరించిన ముక్కలో కాడ పోతుంది, జంట పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా పొడుగు పోతుంది. జానెడు అలసంద కాయైనా, వేలి కణుపులు రెండుండే మినుము కాయైనా తెర మీద ఒక్కలాగే పడుకుంటాయి. "సార్, ఫోటోలో కాయ పక్కన ఒక స్కేలు పెట్టించండి, లేకపోతే ఇన్‌స్పెక్టరు వేలైనా పెట్టమనండి" అని కాయలాయన అడిగి అడిగి అలిసిపోయాడు. "వేలు పెడితే వేలు చూస్తావు, కాయ చూడవు" అని పెద్దసారు కొట్టిపారేశాడు.

ఆకులావిడ కష్టం ఇంకొక రకం. ఈ నాలుగు పంటలకీ కాడకి మూడేసి ఆకులే. కంది ఆకులు సన్నగా రెండు కొసలా కోసుగా, అడుగున బూడిద రాసినట్టు ఉంటాయి. ఆ ఒక్కదానికీ బెంగ లేదు. అలసంద ఆకులు పెద్దవి, నున్నవి, మూడింట్లో నడిమి ఆకుకి అడుగున రెండు భుజాలు పొడుచుకొచ్చినట్టుంటుంది. అదీ తెలిసిపోతుంది. వచ్చిన చిక్కల్లా పెసరతోనూ మినుముతోనూ. రెండూ కోడిగుడ్డు ఆకారమే, రెండూ ఒకేలాంటి కొసే. మినుము ఆకు కాస్త సన్నమంటారు, నూగు ఎక్కువంటారు. అక్కాచెల్లెళ్లని ముసుగులో చూసి పెద్దదెవరో చెప్పమన్నట్టుంటుంది.

ఆ రోజు పొద్దున కాయలాయన తెర మీదికి ఒక కాయ వచ్చింది. నున్నగా, నిగనిగలాడుతూ, నూనె రాసి దువ్వినట్టుగా ఉంది. నూగు ఉందేమోనని కళ్లు చికిలించి చూశాడు. పెంచి చూశాడు. అద్దం మీదైనా గీత ఉంటుందేమో గానీ ఆ కాయ మీద లేదు. ఏటవాలు గాళ్లు లేవు కాబట్టి కంది కాదు. సన్నం కాదు కాబట్టి పెసర కాదు. నూగు లేదు కాబట్టి మినుము కానే కాదు. అలసంద మీట నొక్కేసి టీ తాగడానికి లేచాడు.

తడికకి అటుపక్క ఏం జరిగిందో ఆయనకి తెలియదు. తెలియకూడదు కదా. కాసేపటికి పెద్దసారు తన గదిలోంచి బయటికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద వింత చూసినవాడిలా నిలబడ్డాడు.

"నా సర్వీసులో ఇంత కల్తీ మడి చూడలేదయ్యా. రైతేమో మినుము వేశానంది. కాయ అలసంద. ఒక ఆకు పెసర. ఇంకో ఫోటోలో ఆకు కంది. ఆ మడిలో అన్నీ ఉన్నాయి, ఒక్క మినుమే లేదు!"

"దున్నించేస్తారా సార్?" అన్నాడు కాయలాయన, టీ చప్పరిస్తూ.

"ఇప్పటికే మెసేజ్ పంపించాను. ట్రాక్టరు సాయంత్రంలోపు వెళ్తుంది."

కాయలాయనకి ఆ క్షణంలో పని సక్రమంగా చేసినవాడికి ఉండే తృప్తి కలిగింది. పాపం, ఆ తృప్తి టీ చల్లారేదాకా కూడా మిగల్లేదు. జేబులో ఫోన్ మోగింది. అత్తగారు.

"అల్లుడుగారూ, మీ ఆఫీసులో కళ్లున్నవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఏమైంది అత్తయ్యగారూ?"

"నా మడి దున్నేస్తారట! నా మినుములో అలసంద ఉందట! ఎవడండీ ఆ మాటన్న మహానుభావుడు? వాడి కళ్లు కాకులెత్తుకుపోయాయా?"

కాయలాయన కుర్చీలో కూలబడ్డాడు.

ఆ మడి సంగతి ఆయనకి బాగా తెలుసు. అత్తగారు ఏటేటా ఆకులకి పసుపు మచ్చల తెగులు రాని మొక్కల్ని ఏరి, వాటి గింజలే దాచి, మళ్లీ అవే వేసి, తన చేత్తో తయారుచేసుకున్న మినుము రకం అది. ఊరంతా తెగులుతో పసుపెక్కిపోయిన ఏడాది కూడా ఆ మడి ఒక్కటే ఆకుపచ్చగా నిలబడింది. పోయినసారి దాచిన గింజలన్నీ ఈ మడికే సరిపోయాయి. ఇంకెక్కడా పిడికెడు కూడా లేదు. ఈ మడి పోతే ఆ రకం భూమ్మీద లేనట్టే. ఇప్పుడు కోతకొచ్చి ఉంది. మామగారు పోయాక ఆవిడ మాట్లాడే మాటల్లో సగం ఆ మడితోనే.

"మీరు కంగారు పడకండి, నేను కనుక్కుంటాను" అన్నాడు కాయలాయన. కనుక్కోవడానికి ఏముంది, ఆ మహానుభావుడు తనే.

"మీరు కనుక్కునేలోపు ట్రాక్టరు వచ్చేస్తుంది. నేనే వస్తున్నా" అని ఆవిడ పెట్టేసింది.

అన్నట్టుగానే వచ్చింది. ఒక మొక్కని మొదలంటా పీకి, వేళ్లకున్న మట్టి కూడా దులపకుండా చంకలో పెట్టుకుని వచ్చింది. వెనకాలే ఇన్‌స్పెక్టరు. దారిలో ఎదురైతే కాలరు పట్టుకున్నంత పని చేసి వెంట లాక్కొచ్చింది. తడికకి అటు నుంచి ఆకులావిడ తొంగి చూసి, "అమ్మా!" అని, నాలిక కరుచుకుని మళ్లీ కూర్చుంది.

అత్తగారు మొక్కని తీసుకెళ్లి పెద్దసారు బల్ల మీద పెట్టింది. మట్టి రాలి ఆయన ఫైళ్ల మీద పడింది.

"చూడండి. ఇది అలసందా?"

పెద్దసారు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అమ్మా, మొక్క చెల్లదు."

"అంటే?"

"మాకు ఫోటో కావాలి. మొక్కని ఆఫీసులో ఎలా ఎక్కించుకోమంటారు? కంప్యూటర్లో పెట్టడానికి దానికి చోటేదీ?"

"ఎదురుగా మొక్క ఉంటే బొమ్మెందుకండీ?"

"మొక్క ఎండిపోతుందమ్మా. ఫోటో ఎండదు."

కాయలాయన గొంతు సవరించుకుని, "సార్, ఆ పొద్దుటి ఫోటో ఒకసారి అత్తయ్యగారికి చూపిద్దాం" అన్నాడు. అది చూస్తే ఆవిడ తన మొక్కని తనే పోల్చుకుని ఏదో ఒకటి తేలుస్తుందని ఆయన ఆశ. పెద్దసారు తెర తిప్పాడు. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, ముందుకి వంగి, చాలాసేపు చూసింది.

"ఇది అలసంద కాయ" అంది. "శుభ్రమైన అలసంద. ఎవరి చేలోది?"

"మీ మడిలోదే అత్తయ్యగారూ."

అత్తగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. పెద్దసారు మొహం వెలిగిపోయింది. రైతే ఒప్పేసుకుంటే ఇంక చెప్పేదేముంది! కాయలాయన మాత్రం మళ్లీ తెర వైపు చూశాడు. తను తప్పు చూడలేదు. అత్తగారూ తప్పు చూడలేదు. ఆ మడిలో మినుము తప్ప ఇంకేమీ లేదు. మరి ఈ నున్నటి కాయ ఎక్కడ కాసింది?

"పోనీ, రైతు అభ్యంతరం చెప్పినట్టు రాసుకుంటాను" అన్నాడు పెద్దసారు ఉదారంగా. "మొక్క పట్టుకుని నిలబడండమ్మా. ఇన్‌స్పెక్టరూ, ఒక ఫోటో తియ్యి. ఫైల్లో పెడదాం."

ఇన్‌స్పెక్టరు ఫోన్ పైకెత్తాడు. అత్తగారు కొంగు సవరించుకుని, మొక్కని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, కోపంగా చూస్తూ నిలబడింది. క్లిక్కుమంది. ఏదీ అని ఆవిడ ఫోన్ లాక్కుని చూసింది.

"ఎవరీ పిల్ల?"

ఫోటోలో ఉన్నది అత్తగారే. చీర అదే, కోపం అదే. కానీ నుదుటి మీద ముడతలు లేవు. కళ్ల కింద సంచులు లేవు. గడ్డం మీద పులిపిరి, దాని మీద ఆవిడ ఎప్పటికప్పుడు పీకినా మళ్లీ మొలిచే రెండు వెంట్రుకలు, ఏవీ లేవు. బుగ్గలు వెన్నముద్దలా ఉన్నాయి. చూడగా చూడగా అత్తగారి కోపం కాస్త మెత్తబడింది.

"ఫర్వాలేదే" అంది.

కాయలాయన చూసింది ఆవిడ మొహం కాదు. ఫోటోలో ఆవిడ చేతిలో ఉన్న కాయలు. నున్నగా, నిగనిగలాడుతున్నాయి. తలెత్తి ఆవిడ చేతిలో ఉన్న అసలు కాయల్ని చూశాడు. అవి నూగుతో, రోజుల తరబడి గడ్డం చేసుకోనివాడి చెంపల్లా ఉన్నాయి. మళ్లీ ఫోటో చూశాడు. మళ్లీ కాయలు చూశాడు.

"ఏమయ్యా, ఈ ఫోన్ ఎప్పుడు కొన్నావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరుతో.

"ఈమధ్యనే సార్."

"ఇందులో ఏదో ఉంది. అందంగా చేసేది."

ఇన్‌స్పెక్టరు మెడ దాకా ఎర్రబడ్డాడు. "పెళ్లి సంబంధాలకి ఫోటోలు పంపాలి కదా అని సార్… మా అక్క పెట్టించింది. మొటిమలు కనబడకుండా. తీసెయ్యడం మర్చిపోయాను."

పెళ్లికొడుకు మొటిమలు పోగొట్టే యంత్రం అత్తగారి మినుము కాయల నూగు కూడా పోగొట్టింది. ఆకుల నూగూ పోగొట్టింది కాబట్టే అటు గదిలో మినుము ఆకు పెసర ఆకైంది. మరి కంది?

"కంది గట్టు మీదిదమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు, అడగకముందే. "మీరు గట్టు చుట్టూ కంది వేశారు కదా. ఒక ఫోటోలో అది అడ్డొచ్చింది."

కాయలాయనకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెద్దసారు వైపు తిరిగి, "విన్నారు కదా సార్, ట్రాక్టరు ఆపించండి" అన్నాడు.

పెద్దసారు అంత తేలిగ్గా ఆపేవాడా! "ఫలితం ఒకసారి వచ్చాక నా నోటితో మార్చడానికి లేదు. కావాలంటే మళ్లీ పరీక్ష. మడిలో నిలబడ్డ మొక్కకి కొత్త ఫోటో. రెండు గదులూ వేరువేరుగా మీట నొక్కాలి. రెండూ మినుము అంటే మడి బతికినట్టు. ఒక్కటి తేడా వచ్చినా దున్నుడే. ఆ ఫలితం వచ్చేదాకా ట్రాక్టరు గట్టు మీద ఆగుతుంది. అంతకంటే నన్ను అడక్కండి" అని డ్రైవరుకి ఫోన్ చేసి ఆగమన్నాడు.

అత్తగారు ఇన్‌స్పెక్టరు బండెక్కి కూర్చుంది. ఎక్కే ముందు ఫోన్లో ఆ అందాల మీట అతను తీసేశాడో లేదో తనే చూసుకుంది. చూసుకుంటూనే, "ఆ నా ఫోటో మాత్రం ఒకటి నాకు పంపించు" అని గొంతు తగ్గించి చెప్పింది.

పెద్దసారు పనిలో పనిగా తడిక కింద సందుని పాత పేపర్లతో కుక్కించాడు. కాయలాయన తన కుర్చీలో కూర్చున్నాడు. బయట సన్నగా చినుకులు మొదలయ్యాయి. తడికకి అటుపక్క భార్య కూర్చుని ఉందని తెలుసు. ఆవిడ గాజుల చప్పుడు వినబడుతోంది. తన తల్లి పంటని పెసర అన్నది తనేనని ఆవిడకీ ఈపాటికి తెలిసే ఉంటుంది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట చెప్పాలనిపించింది. పెద్దసారు ఇద్దరికీ మధ్య, తడిక చివర, స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు.

ఫోటో వచ్చింది.

ఈసారి నూగు ఉంది. బ్రహ్మాండంగా ఉంది. కాయలాయన చెయ్యి మినుము మీట మీదికి పోయి ఆగిపోయింది. కాయలు కిందికి వేలాడుతున్నాయి.

మినుము కాయ వేలాడదు, నిక్కి నిలబడుతుంది. కిందికి వాలేది పెసర. పెసరకీ నూగుంటుంది, కాకపోతే పొట్టిది. ఇంత పెద్దగా చేసి చూపిస్తే పొట్టి నూగేదో పొడుగు నూగేదో ఎలా చెప్పడం? కాయ పొట్టిదో పొడుగుదో చెప్పడానికి పక్కన ఏమీ లేదు. పైనా కిందా కత్తిరించి ఉంది. ఇది అత్తగారి మడే అని ఆయనకి తెలుసు, అందులో ఉన్నది మినుమేనని తెలుసు. కానీ తెలిసింది నొక్కడం వేరు, కనబడింది నొక్కడం వేరు. ఇన్నేళ్లూ కనబడిందే నొక్కాడు. అత్తగారి మడి కదా అని ఇవాళ తెలిసింది నొక్కితే, ఇన్నేళ్లుగా నొక్కినవన్నీ ఏమవుతాయి?

అప్పుడు కనబడింది నీటి చుక్క. కాడ మీద, చినుకు తాలూకు చుక్క ఒకటి ఉంది. అది కిందికి జారడం లేదు. పైకి వేలాడుతోంది.

నీరు పైకి వేలాడదు కదా! అంటే ఫోటోయే తలకిందులు. ఇన్‌స్పెక్టరు ఆకుల కింద దాక్కున్న కాయల్ని అందుకోవడానికి ఫోన్ తలకిందులుగా పట్టుకుని కిందికి దించి ఉంటాడు. తిప్పి చూస్తే తెలిసిపోతుంది. కానీ ఫోటో తిప్పే మీట ఆ కంప్యూటర్లో లేదు, తెరని ఎవరూ ఎత్తుకుపోకుండా బల్లకి బోల్టులు బిగించి ఉంది.

ఫోటో తిరగకపోతే మనిషి తిరగాలి. కాయలాయన లేచి, తెరకి వీపు తిప్పి, కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, రెండు మోకాళ్ల మధ్య నుంచి తల పెట్టి చూశాడు. ఉన్న కాసిని వెంట్రుకలూ నేలకి రాసుకున్నాయి. జేబులోంచి పెన్నూ కళ్లజోడు డబ్బా జారిపడ్డాయి. కానీ అక్కడ, మోకాళ్ల మధ్య, మినుము కాయలు నిటారుగా, బొద్దుగా, నూగు నిక్కబొడుచుకుని నిలబడి ఉన్నాయి. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"ఏంటయ్యా అది?" అన్నాడు పెద్దసారు స్టూలు మీద నుంచి.

"కాయ చూస్తున్నాను సార్" అన్నాడు కాయలాయన అదే భంగిమలో.

పెద్దసారు నిబంధనల్లో మోకాళ్ల మధ్య నుంచి చూడకూడదని ఎక్కడా లేదు. ఆయన కాసేపు వెతుక్కుని ఊరుకున్నాడు. కాయలాయన చెయ్యి వెనక్కి చాపి, మినుము మీట తడిమి, నొక్కేశాడు.

ఇక అటుపక్క మీట మోగాలి. మోగలేదు.

కాయలాయన లేచి కూర్చున్నాడు, రక్తమంతా మొహంలోంచి దిగేదాకా ఆగాడు. అటుపక్క గాజుల చప్పుడు కూడా లేదు. పెద్దసారు స్టూలు మీద అటూ ఇటూ కదిలాడు. కాయలాయనకి అర్థమైంది. అక్కడ భార్య ముందు ఉన్నది మూడాకులు. ఈసారి నూగున్న మూడాకులు. కానీ ఆకు తలకిందులుగా ఉన్నా ఒకటే, నిలబెట్టినా ఒకటే. పెసరో మినుమో. తడిక మీద వేలితో చిన్నగా మూడుసార్లు కొడితే చాలు, మూడో మీట అని ఆవిడకి తెలిసిపోతుంది. చెయ్యి ఎత్తాడు. పెద్దసారు చూడనే లేదు. కొట్టలేకపోయాడు. కొడితే భార్య ఏమనుకుంటుందో అని భయం వేసింది, కొట్టకపోతే ఏమవుతుందో అని ఇంకా భయం వేసింది.

"ఏవండీ" అంది ఆకులావిడ తడిక అవతలి నుంచి.

ఆ ఆఫీసు పుట్టాక ఆ గదిలోంచి ఈ గదిలోకి వచ్చిన మొదటి మాట అది. పెద్దసారు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "అమ్మా! మాట్లాడకూడదు!"

"మీతో కూడా చెప్తున్నా సార్. నాకు తెలియడం లేదు."

"అంటే?"

"ఈ ఆకు చూసి పెసరా మినుమా చెప్పలేను. ఇదే కాదు సార్, ఎప్పుడూ చెప్పలేకపోయాను. కంది తెలుస్తుంది. అలసంద తెలుస్తుంది. ఈ రెండూ వచ్చినప్పుడు నూగు ఉందా లేదా, కాస్త సన్నమా కాదా అని చూసి, ఏదో ఒకటి అనుకుని నొక్కేదాన్ని. ఎన్నిసార్లు సరిగ్గా నొక్కానో నాకు తెలియదు. మీరు ట్రాక్టరు పంపిన మళ్లలో ఎన్ని…" ఆవిడ కుర్చీ మీటలకి దూరంగా జరిగిన చప్పుడైంది. "వాటిల్లో కూడా ఎవరో ఒకరి అమ్మ మడి ఉండే ఉంటుంది కదండీ."

కాయలాయన తలొంచుకున్నాడు. పొద్దున టీ తాగుతూ తను పడ్డ తృప్తి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

పెద్దసారు మెత్తబడ్డాడు గానీ నిబంధన మెత్తబడలేదు. "తెలియదు అనడానికి మీట లేదమ్మా. ఉన్నవి నాలుగే. ఏదో ఒకటి నొక్కాలి."

"తెలియకుండా నొక్కను సార్."

"నొక్కకపోతే ఫలితం రాదు."

"రాకపోతే?"

"రాకపోతే…" అని పెద్దసారు ఆగాడు. ఆగి ఆలోచించాడు. ఆలోచిస్తున్నకొద్దీ ఆయన మొహం వాడిపోయింది. "రాకపోతే మడి పాసూ కాదు, ఫెయిలూ కాదు. ఫలితం వచ్చేదాకా ట్రాక్టరు కదలకూడదు."

కాయలాయన మెల్లగా లేచాడు. తన కుర్చీ ఎత్తుకుని, తడిక చుట్టూ తిరిగి, పెద్దసారు ముందు నుంచే నడిచి, ఆకుల గదిలోకి వెళ్లి, భార్య పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆవిడ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, మీటలకి దూరంగా జరిగి కూర్చుని ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి. తెర మీద మూడాకులు. ఇన్నేళ్లలో ఆయన ఆ ఆకుల్ని చూడటం అదే మొదటిసారి.

"నాకూ తెలియడం లేదే" అన్నాడు, కాసేపు చూసి.

"మీరు వెనక్కి వెళ్లండి! ఇది పూర్తిగా నిబంధనకి విరుద్ధం!" అన్నాడు పెద్దసారు. "నేనే నొక్కేస్తాను, తప్పుకోండి!" అని చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కేటాయించిన గదివాళ్లు తప్ప ఇంకెవరూ మీట ముట్టకూడదని రాసింది ఆయనే. పైగా ఏది నొక్కాలి? ఆయన తెర మీదికి వంగి చూశాడు. ఎడంగా చూశాడు, దగ్గరగా చూశాడు. ఎన్నో మళ్లకి సంతకాలు పెట్టిన మనిషి, ఒక ఆకు ముందు నిలబడి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎంతసేపిలా?" అన్నాడు చివరికి, నీరసంగా.

ఆకులావిడ ఫోన్ తీసి తల్లికి చేసింది. "అమ్మా, ఇంకా నొక్కలేదు. నొక్కను కూడా. నేను నొక్కేదాకా ట్రాక్టరు కదలదట. చినుకులు తగ్గాయా అక్కడ?"

అత్తగారికి విషయం బోధపడటానికి ఎక్కువసేపు పట్టలేదు. ఫోన్లోంచి ఆవిడ గొంతు గదంతా వినబడింది. "ఒరేయ్ డ్రైవరూ! ఖాళీగా కూర్చున్నావు కదా, దిగు! ఇన్‌స్పెక్టరూ, ఆ ఫోన్ జేబులో పెట్టి ఇటు రా! నల్లబడ్డ కాయలు ముందు కొయ్యండి, కొమ్మలు విరిచారంటే ఊరుకోను!" తర్వాత కూతురితో, "నువ్వు చెయ్యి ఒళ్లోంచి తియ్యకే. ఈ మడి అయ్యేదాకా తియ్యకు" అంది.

"తియ్యనమ్మా" అంది ఆకులావిడ. "అమ్మా, పొద్దున పెసర అన్నది నేనే."

అటుపక్క కాయలు తెంపుతున్న చప్పుడు ఆగింది. కాయలాయన ఫోన్ దగ్గరికి వంగి, "అలసంద అన్నది నేను అత్తయ్యగారూ" అన్నాడు.

మళ్లీ తెంపుతున్న చప్పుడు మొదలైంది, ఇంతకుముందు కంటే వేగంగా.

"సాయంత్రం ఇద్దరూ రండి" అంది అత్తగారు. "కాయలు వలవాలి."

ఆకులావిడ ఫోన్ పెట్టేసింది. తెర కింద మూలన, తర్వాతి ఫోటోలు వరసలో వచ్చి ఆగుతున్నాయి. ఎవరివో మళ్లు. ఎవరివో ఆకులు, మూడేసి, మూడేసి. ఆ మళ్ల ఫలితం కోసం కూడా ఎక్కడో ట్రాక్టర్లు కాచుకుని ఉంటాయి.

"ఇది అయ్యాక వాటికి ఏం చేద్దామనుకుంటున్నావు?" అన్నాడు కాయలాయన.

"వాళ్లని కూడా కోసుకోనివ్వండి" అంది ఆవిడ.